తెలిసినవాళ్లతో ఒక మాట చెప్పించుకోవడం ఎలా: ఆటోనగర్ షెడ్డు నుంచి రొయ్యల ప్లాంట్ పర్చేజ్ ఆఫీసు దాకా

విశాఖపట్నంలో రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్‌కి కొత్తగా సరుకు వేద్దామని బయల్దేరిన చిన్న యూనిట్ యజమానికి మొదటి అడ్డంకి ధర కాదు, గేటు. పరిశుభ్రత నిబంధనల వల్ల ఈ ప్లాంట్లలోకి బయటివాళ్లని ఊరికే రానివ్వరు. సెక్యూరిటీ దగ్గర ఇచ్చిన విజిటింగ్ కార్డు సాధారణంగా అక్కడి సొరుగు దాటదు. పర్చేజ్ మేనేజర్‌కి రోజూ తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఎత్తరు. అదే, ఆయన ఎరిగిన మనిషి ఎవరైనా "ఫలానా అబ్బాయి ఉన్నాడు, ఒకసారి చూడండి" అంటే పది నిమిషాలు ఇస్తారు.

ఆ మాట ఎవరి చేత చెప్పించాలి, ఎలా అడగాలి, వాళ్లకి చిక్కు లేకుండా ఎలా చూడాలి అన్నది ఒక్క ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. మీకు గాజువాక ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసే యూనిట్ ఉందనుకోండి. రొయ్యల ప్లాంట్‌కి మాస్టర్ కార్టన్లు వేయాలి. అంటే చిన్న చిన్న లోపలి పెట్టెలన్నీ సర్ది, మైనస్ 18 డిగ్రీల చలిలో నిలవ పెట్టి, కంటైనర్‌కి ఎక్కించే పెద్ద పెట్టెలు. ఆ ప్లాంట్ పర్చేజ్ మేనేజర్ మీకు తెలియదు. ఆయనకి తెలిసినవాళ్లు మీకు నలుగురున్నారు.

ఇక్కడొక విషయం మనసులో పెట్టుకోవాలి. మన గురించి మాట చెప్పే మనిషి మీద రెండు బరువులు పడతాయి. ఒకటి పని: ఏం రాయాలి, ఎలా మొదలుపెట్టాలి అన్న ఆలోచన. రెండోది పరువు: రేపు మన పెట్టె చలిలో మెత్తబడి కుంగితే, మేనేజర్ ముందు తలదించుకోవలసింది ఆయనే. ఈ రెండు బరువుల్లో ఎంత మనం మోస్తే ఆయన అంత సులువుగా సరే అంటారు. కింద చెప్పే ప్రతి అడుగూ వీటిలో ఏదో ఒకదాన్ని తగ్గించడానికే.

మొదటి అడుగు: నలుగురిలో ఎవరు?

ఆ నలుగురూ వీళ్లు. మీ మేనమామ గారు, మేనేజర్ వాళ్ల కుటుంబాన్ని పెళ్లిళ్లలో కలుస్తుంటారు. మీ కాలేజీ స్నేహితుడు, ఆ ప్లాంట్‌లోనే క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నాడు. మీకు తెలిసిన సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ ఏజెంట్, ఆఫీసు ఉద్యోగి, ఆ ప్లాంట్ కంటైనర్ల కస్టమ్స్ కాగితాలు చూస్తారు. నాలుగో మనిషి మీ వీధిలోనే షెడ్డు ఉన్న అన్న, ఆ ప్లాంట్‌కి పాలీ బ్యాగులు వేస్తారు.

చాలామంది మొదట మేనమామ దగ్గరికే వెళ్తారు. అది తప్పు ఎంపిక. ఆయన మాటకి మేనేజర్ గౌరవం ఇస్తారు, "పంపించండి బాబాయ్" అని కూడా అంటారు. కానీ అది పెద్దాయన మీద మర్యాదతో అన్న మాట. మీ పెట్టెల గురించి మేనమామ గారికి ఏమీ తెలియదని మేనేజర్‌కి తెలుసు. మీరు వెళ్తే టీ ఇస్తారు, కేటలాగ్ తీసుకుంటారు, అంతటితో ఆగిపోతుంది. పైగా బంధుత్వం అడ్డుపెట్టి వచ్చారన్న ముద్ర ఒకసారి పడితే తర్వాత వేరే దారిలో వెళ్లినా పోదు.

క్వాలిటీలో ఉన్న స్నేహితుడి విషయంలో చిక్కు వేరు. కంపెనీ లోపలి మనిషి ఒక సప్లయర్ పేరు తెస్తే, వీడికి కమీషన్ ఏమైనా ముడుతోందా అన్న అనుమానం వెంటనే వస్తుంది. రేపు మీ పెట్టెలు పరీక్షించి సంతకం పెట్టేది అదే విభాగమైతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. అతని ఉద్యోగానికి మచ్చ తెచ్చే పని అడక్కూడదు. "మీ దగ్గర కొత్త సప్లయర్‌ని తీసుకునే పద్ధతి ఏమిటి, ఏ పరీక్షలు చూస్తారు" అని మాత్రం అడగండి. ఎవరు అడిగినా చెప్పే సంగతి కాబట్టి అతనికి ఏ ఇబ్బందీ ఉండదు.

సీహెచ్‌ఏ ఆఫీసు ఆయన రోజూ మాట్లాడేది డాక్యుమెంటేషన్ చూసేవాళ్లతో. పర్చేజ్ మేనేజర్‌తో నేరుగా చనువు ఉండాలని లేదు. ఇలాంటిచోట మనం తరచూ పొరబడుతుంటాం. కంపెనీ తెలిసినంత మాత్రాన అందులోని మనిషి తెలిసినట్టు కాదు.

సరైన మనిషి పాలీ బ్యాగుల అన్న. ఆయన నేరుగా పర్చేజ్ మేనేజర్‌తోనే పని చేస్తారు. సమయానికి సరుకు వేసే మనిషిగా ఆయనకి అక్కడ పేరుంటుంది. మీది, ఆయనది వేరు వేరు సరుకు కాబట్టి పోటీ లేదు. మీ షెడ్డులో పని ఎలా జరుగుతుందో ఆయన కళ్లతో చూశారు. వ్యాపారంలో మాట చెప్పించుకోవడానికి అన్నిటికన్నా మంచి దారి ఇదే: ఒకే కొనుగోలుదారుకి, మీకు పోటీ కాని సరుకు వేసే మనిషి.

ఒకరినే అడగండి. ఇద్దర్నీ ఒకేసారి అడిగితే మేనేజర్‌కి ఒకే వారంలో రెండు వైపుల నుంచి మీ పేరు వినిపిస్తుంది. చెప్పిన ఇద్దరూ చిన్నబుచ్చుకుంటారు, మీరు ఊరంతా తిరుగుతున్నట్టు ఉంటుంది.

రెండో అడుగు: అడిగే ముందు ఒక కబురు తెలుసుకోవాలి

అన్నని మాట చెప్పమని అడిగే ముందు, ఆ ప్లాంట్‌కి పెట్టెల విషయంలో అసలు ఇబ్బంది ఏమిటో ఆయన్నే అడగండి. షెడ్డు దగ్గర టీ తాగుతూ అడగదగ్గ ప్రశ్నే ఇది. "పెట్టెలు ఇప్పుడెవరు వేస్తున్నారు అన్నా, వాళ్లతో బాగానే ఉందా?" అంటే చాలు.

మన ఉదాహరణలో ఆయన ఇలా చెప్పారనుకోండి: "ధరలో గొడవేం లేదు. విదేశీ కొనుగోలుదారు ఉన్నట్టుండి బ్రాండ్ మార్చమంటాడు, పెట్టె మీద ప్రింటు మార్చాలి. పెద్ద కంపెనీ వాళ్లు తక్కువ సంఖ్యలో చేయరు, చేసినా రెండు వారాలంటారు. అక్కడ నలిగిపోతున్నారు." మాస్టర్ కార్టన్ మీద బ్రాండ్, సైజు గ్రేడు, ప్లాంట్ ఆమోద సంఖ్య లాంటివి ఉంటాయి. ఒక బ్రాండ్‌కి ప్రింటు చేసిన పెట్టె ఇంకో బ్రాండ్‌కి పనికిరాదు. కాబట్టి ఈ ఇబ్బంది నిజమైనదే, చిన్న యూనిట్ తీర్చగలిగినదే.

ఈ కబురు లేకుండా వెళ్తే మీరు చెప్పగలిగేది "మేం తక్కువ ధరకి ఇస్తాం" అని ఒక్కటే. అది అందరూ చెప్పేదే. ఆ మాట మోసుకెళ్లడానికి అన్నకి కూడా మొహమాటంగా ఉంటుంది. మేనేజర్ ఇబ్బంది తీర్చే మాటైతే, ఆయన మీకు సాయం చేసినట్టు కాక మేనేజర్‌కి సాయం చేసినట్టు ఉంటుంది. అప్పుడు అడగడానికి వెనకాడరు.

మూడో అడుగు: అడగడం

నలుగురిలో అడగకండి. పెళ్లి భోజనాల దగ్గరో, మరో వ్యాపారి ముందో అడిగితే కాదనలేక సరే అంటారు, ఆ తర్వాత పని జరగదు. ఫోన్‌లో హఠాత్తుగా అడిగినా అంతే. వాట్సాప్‌లో రాస్తే చదివి, ఆలోచించుకుని, తీరిగ్గా జవాబివ్వడానికి వీలుంటుంది. వాయిస్ మెసేజ్ వద్దు. పనిలో ఉన్న మనిషి దాన్ని తర్వాత విందామని పక్కన పెడతాడు, ఆ తర్వాత వినడు.

మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది:

"నమస్తే అన్నా. మొన్న మీరు చెప్పిన ప్లాంట్‌కి మా మాస్టర్ కార్టన్లు చూపిద్దామనుకుంటున్నాను. చిన్న ఆర్డర్లు, త్వరగా ప్రింటు మార్చడం మాకు కుదురుతాయి. పర్చేజ్ మేనేజర్ గారితో ఇలాంటి విషయం మాట్లాడే చనువు మీకుందా? ఉంటే, మీకు ఇబ్బంది లేదనుకుంటేనే, ఆయన్ని ఒకసారి అడిగి చూడగలరా? ఆయన సరే అన్నాకే నా నంబర్ ఇవ్వండి. మీరు పంపడానికి వీలుగా నాలుగు ముక్కలు నేనే రాసిస్తాను. ఇది సమయం కాదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి అన్నా, నేను వేరేలా ప్రయత్నిస్తాను."

ఇందులో మూడు మాటలు తీసేయకూడదు. మొదటిది "చనువు మీకుందా" అన్న ప్రశ్న. చనువు లేకపోతే ఆయన "లేదు తమ్ముడూ, ఆయనతో బిల్లుల వరకే" అని గౌరవంగా తప్పుకోవచ్చు. కాదనడానికి ఆయన మీ మీద నమ్మకం లేదని చెప్పక్కర్లేదు. రెండోది "ఆయన సరే అన్నాకే నా నంబర్ ఇవ్వండి" అన్నది. అవతలి మనిషిని ముందు అడగడం వల్ల మేనేజర్‌కి కాదనే స్వేచ్ఛ ఉంటుంది, అన్న ఆయన నెత్తిన ఒకరిని రుద్దినట్టు ఉండదు. అడక్కుండా ఇద్దర్నీ ఒక గ్రూపులో కలిపేస్తే మేనేజర్ కోపం పడేది అన్న మీదే. మూడోది చివరి వాక్యం, అంటే తప్పుకోవడానికి దారి. ఆ దారి ఇస్తే కాదంటారేమోనని చాలామంది భయపడి రాయరు. నిజానికి ఇష్టం లేకుండా చెప్పిన మాట కన్నా చెప్పకపోవడమే మేలు. "ఎవరో అడుగుతున్నారు సార్, మీ ఇష్టం" అని వెళ్లిన కబురు ఆ తలుపుని మూసేస్తుంది.

వేళ కూడా చూడాలి. ఆయన లోడింగ్‌లో ఉండే వేళ, జీఎస్‌టీ రిటర్నులు వేసే రోజులు వద్దు. ప్లాంట్ తీరిక విషయంలో కూడా ఒక పొరపాటు జరుగుతుంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం కాబట్టి ప్లాంట్లు ఖాళీగా ఉంటాయని అనుకుంటారు. సముద్రపు సరుకు మీద నడిచేవాటికి అది కొంత నిజం. చెరువుల్లో పెంచిన వనామీ రొయ్య మీద నడిచే ప్లాంట్‌కి వేసవి పంట వచ్చేది దాదాపు ఆ రోజుల్లోనే, అప్పుడు ఎవరికీ ఊపిరాడదు. ఏ ప్లాంట్ ఏ సరుకు మీద నడుస్తుందో అన్నకి తెలుస్తుంది. "ఎప్పుడైతే ఆయనకి తీరిక?" అని ఆయన్నే అడగండి.

నాలుగో అడుగు: ఆయన పంపే నాలుగు ముక్కలు

అన్న సరే అన్నారు. ఇప్పుడు మీరు రాసిచ్చేదాన్ని ఆయన ఒక్క అక్షరం మార్చకుండా పంపగలగాలి. అందుకే దాన్ని విడిగా, వేరే మెసేజ్‌గా పంపండి. "అన్నా ఇదిగో" అన్న మాట కూడా అందులో కలవకూడదు. చదివేది మేనేజర్ అని గుర్తుపెట్టుకుని రాయండి. ఫోన్ తెర మీద పైకి జరపకుండా ఒక్క చూపులో కనిపించేంతే ఉండాలి, 50 మాటలకి అటూ ఇటూ.

"నమస్తే సార్. నేను గాజువాక ఆటోనగర్‌లో అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. కోల్డ్ స్టోరేజీలో వాడే ఐదు పొరల మాస్టర్ కార్టన్లు చేస్తాం. 500 పెట్టెల ఆర్డరైనా తీసుకుంటాం, ప్రింటు ఖాయమైన ఐదో రోజుకి ప్లాంట్‌కి చేరుస్తాం. మీ సైజులో 10 పెట్టెలు ఉచితంగా చేసిస్తాను, మీ కోల్డ్ రూములో పెట్టి చూడండి. నచ్చకపోతే మళ్లీ ఇబ్బంది పెట్టను. కుదిరితే వచ్చే వారం ఒక పది నిమిషాలు ఇవ్వగలరా?"

కింద మీ పేరు, యూనిట్ పేరు, ఫోన్ నంబర్. అంతే.

ఇందులో ఆర్డర్ అడగలేదు. అడిగింది పది నిమిషాలు, ఇస్తామన్నది పది పెట్టెలు. కొత్త సప్లయర్‌కి ఆర్డర్ ఇవ్వడం మేనేజర్‌కి పెద్ద నిర్ణయం. పది పెట్టెలు కోల్డ్ రూములో పెట్టించడం నిర్ణయమే కాదు. చిన్నది అడిగినప్పుడు అన్నకి కూడా ధైర్యంగా ఉంటుంది, ఎందుకంటే పెట్టె బాగుందో లేదో తేల్చేది ఆయన మాట కాదు, చలి.

500, ఐదు రోజులు లాంటి అంకెలు మీరు నిజంగా నిలబెట్టుకోగలిగినవే రాయండి. ప్రింటింగ్ ప్లేటు బయట చేయించాలంటే ఆ రోజులు కూడా కలుపుకోండి. ఐదు రోజులని చెప్పి ఎనిమిది రోజులు పడితే మాట పోయేది ఇద్దరిది.

ధర పట్టిక, పీడీఎఫ్ కేటలాగు, షెడ్డు ఫోటోలు ఈ మెసేజ్‌కి తగిలించకండి. కానీ సిద్ధంగా పెట్టుకోండి. ఆయన "వివరాలు పంపండి" అంటే అదే గంటలో వెళ్లాల్సినవి ఇవి: అట్ట ఎంత ఒత్తిడికి చిరుగుతుందో చెప్పే బరస్టింగ్ స్ట్రెంగ్త్, నీటిని ఎంత పీలుస్తుందో చెప్పే కాబ్ టెస్టు, పెట్టె ఎంత బరువుకి కుంగుతుందో చెప్పే కంప్రెషన్ టెస్టు ఉన్న ఒక పేజీ రిపోర్టు, జీఎస్‌టీ సర్టిఫికెట్, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు. చలి పెట్టెల విషయంలో కాబ్ టెస్టు గురించి తప్పక అడుగుతారు. బయటికి తీసినప్పుడు పట్టే తేమకి అట్ట మెత్తబడితే కింది వరస పెట్టెలు కుంగిపోతాయి.

భాష సంగతి కూడా అన్నని అడగండి. సముద్ర ఉత్పత్తుల రంగంలో కేరళ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు చాలామందే ఉన్నారు. మేనేజర్ గారికి తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. అలాగైతే ఇదే విషయాన్ని ఇంగ్లీషులో రాసివ్వండి.

మీ గురించిన పొగడ్త అన్న పేరు మీద మీరు రాయకండి. "చాలా నమ్మకస్తులు, నాణ్యతలో రాజీపడరు" అని మీరు రాసిచ్చి ఆయన చేత పంపిస్తే, అది ఆయన మాట తీరు కాదని మేనేజర్ ఇట్టే కనిపెడతారు. "పైన మీకు తోచిన ఒక్క ముక్క రాయండి అన్నా" అని వదిలేయండి. ఆయన "మా వీధిలోనే షెడ్డు, పని చూశాను" అని రాస్తే అది మీ నాలుగు ముక్కలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఐదో అడుగు: అన్న ఇచ్చే జవాబుని అర్థం చేసుకోవడం

మన దగ్గర కాదు అని ఎవరూ నేరుగా అనరు. "చూద్దాంలే" అంటే చాలావరకు కాదనే. మళ్లీ అడక్కండి, సంబంధం చెడకుండా అక్కడ వదిలేయండి. "వచ్చే వారం గుర్తుచెయ్" అంటే నిజంగానే చేసే ఉద్దేశం ఉండొచ్చు. వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేసి, ఆ నాలుగు ముక్కలు మళ్లీ కింద పెట్టండి, పైకి వెతుక్కునే పని ఆయనకి లేకుండా.

జాగ్రత్తగా పట్టించుకోవలసింది "నంబర్ పంపిస్తా, నా పేరు చెప్పు" అన్న జవాబుని. పని అయిపోయిందని సంబరపడి వెంటనే ఫోన్ కొట్టేస్తారు. అటు మేనేజర్‌కి ఏమీ తెలియదు. "ఫలానా ఆయన పంపారు సార్" అనగానే, ఆయన నాకు చెప్పలేదే అనుకుంటారు. ఇలాంటప్పుడు "సరే అన్నా, నేను రేపు 4 గంటలకి చేస్తాను. ఈలోగా నేను చేస్తానని ఆయనకి ఒక్క లైను పెట్టగలరా?" అనండి. పెడితే తలుపు తెరుచుకున్నట్టే. పెట్టలేదని తెలిస్తే ఆ రోజు ఫోన్ చేయకండి.

అసలు జవాబే రాకపోతే ఐదారు రోజులు ఆగి ఒకసారి రాయండి. అప్పటికీ రాకపోతే "పర్లేదు అన్నా, తర్వాత చూద్దాం" అని మీరే ముగించండి. ఎదురుపడినప్పుడు తప్పించుకోవాల్సిన అవసరం ఆయనకి రాకూడదు. ఒకే వీధిలో ఉండేవాళ్లు కదా.

ఆరో అడుగు: సరే అన్న తర్వాత

మేనేజర్ ఒప్పుకున్నారని కబురు రాగానే, ఆ రోజే మీరు మెసేజ్ పెట్టాలి. రెండు రోజులు ఆగితే అన్న తొందరపడి అడిగినట్టు అవుతుంది. అన్న ముగ్గురినీ ఒక గ్రూపులో కలిపితే, ఆయనకి ధన్యవాదాలు చెప్పి, "సార్, మీకు విడిగా మెసేజ్ పెడతాను" అని బయటికి వచ్చేయండి. కార్టన్ సైజులు, టైమింగులు అన్న ఫోన్‌లో మోగుతూ ఉండకూడదు. ఈమెయిల్ అయితే రెండో ఉత్తరం నుంచి ఆయన పేరు తీసేయవచ్చు.

మేనేజర్‌కి రెండు సమయాలు ఇవ్వండి: "మంగళవారం సాయంత్రం 4, లేదా గురువారం ఉదయం 11. మీకు ఏది కుదిరితే అది." గేటు పాసు కోసం మీ పేరు, బండి నంబర్ ముందే పంపండి. కలిసినప్పుడు అన్న పేరు ఒక్కసారే, మొదట్లో చెప్పండి. "ఆయన మీకు 60 రోజుల క్రెడిట్ ఇస్తున్నారట కదా" లాంటి మాట పొరపాటున కూడా రాకూడదు. ఆయన నమ్మి చెప్పిన సంగతి మీ బేరానికి వాడితే రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

డబ్బు సంగతి. కొందరు "పని అయితే మీకు ఇంత" అని అన్నకి ముందే ఆశ పెడతారు. వద్దు. ఆయన చెప్పిన మాటకి విలువ ఉన్నది అందులో ఆయనకి లాభం లేకపోవడం వల్లే. కమీషన్ మీద పనిచేసే ఏజెంటే కావాలంటే ఏజెంట్‌నే పెట్టుకోండి, మేనేజర్‌కి కూడా ఏజెంట్ అనే చెప్పండి.

ఏడో అడుగు: కబురు వెనక్కి చేర్చడం

ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ. మీరు కలిసి వచ్చిన రోజు సాయంత్రమే అన్నకి రెండు లైన్లు వెళ్లాలి: "కలిశాను అన్నా. 10 పెట్టెలు స్టోర్సులో ఇచ్చాను, పరీక్ష అయ్యాక చెప్తామన్నారు." రేపు బిల్లు కోసం ఆయన అదే ఆఫీసుకి వెళ్తారు. అక్కడ మేనేజర్ నోట మొదటిసారి విని తెల్లబోవాల్సిన పరిస్థితి రానివ్వకండి.

పెట్టె పరీక్షలో పోయినా చెప్పాలి, అది ఇంకా ముఖ్యం. "కింది వరస కుంగిందట అన్నా, లైనర్ మార్చి మళ్లీ చేసిస్తానన్నాను, సరే అన్నారు" అంటే ఆయన మనసు కుదుటపడుతుంది. చెప్పకుండా ఉంటే, తన మాట వల్ల అక్కడ ఏమైందో అని ఆయన లోలోపల మథనపడతారు, ఇంకెవరి గురించీ నోరెత్తరు.

ఆర్డర్ వస్తే మొదటి లోడు వెళ్లిన రోజు ఫోన్ చేసి చెప్పండి. ఆయనని ఇంకో ప్లాంట్ గురించి అడగాలనుకుంటే, ఈ ప్లాంట్‌కి మీరు రెండు మూడు లోడ్లు సమయానికి చేర్చేదాకా ఆగండి.